భుజం దగ్గర గుంట, వీపున చెమట, ఛాతీ మీద బుడగలు: కోటు విప్పకముందే కారణం కనిపెట్టడం ఎలా

తిరుపతిలో వైశాఖం ముహూర్తాలు అయిపోగానే మా ఆల్టరేషన్ బల్ల మీదికి కోట్లు వచ్చి పడతాయి. తెల్లారి కొండమీద పెళ్లి, సాయంత్రం కింద రిసెప్షన్. ఆ ఒక్క సాయంత్రం కోసం కుట్టించిన సూటు తర్వాత బీరువాలో ఊరికే వేలాడుతుంటుంది. దాన్నే జీన్స్ మీదికి బ్లేజర్‌గా వాడుకుందామని తెస్తారు. షాపుల్లో సూటు కోటు, స్పోర్ట్ కోటు, బ్లేజర్ అన్నీ ఒకే హ్యాంగర్ వరుసలో ఒకే పేరుతో అమ్ముతారు కాబట్టి అలా అనుకోవడం సహజమే. లోపలి కట్టుబడి మాత్రం వేరు. వచ్చే కంప్లయింట్లలో ఎక్కువ భాగం అక్కడి నుంచే పుడతాయి.

సమస్య: సూటు కోటు జీన్స్ మీద వేస్తే అరువు తెచ్చుకున్నట్టుంది, చేయి పైభాగంలో గుంట పడుతోంది

చిత్తూరు నుంచి ఒకతను నేవీ బ్లూ సూటు కోటు తెచ్చాడు. "అన్నా, గుండీలు తీసి బంగారు రంగువి వేస్తే బ్లేజర్ అయిపోతుంది కదా?" అన్నాడు. వేసుకుని అద్దం ముందు నిలబడమన్నాను. భుజం కుట్టుకి ఒకటిన్నర అంగుళం కింద, చేతి మీద బొటనవేలు పట్టేంత గుంట. గుండీలు మార్చినా అది పోదు.

సూటు కోటు భుజాన్ని గట్టిగా కడతారు. లోపల ప్యాడ్ ఉంటుంది, చేయి అతికే చోట మెత్తటి పట్టీ పెట్టి అంచును కొంచెం పైకి లేపుతారు. కింద అదే గుడ్డ ప్యాంటు ఉంటే ఆ నిటారుతనం అందం. జీన్స్ మీద పైన పెళ్లికొడుకు, కింద కాలేజీ కుర్రాడు అన్నట్టుంటుంది. స్పోర్ట్ కోటు పుట్టింది వేటకీ పల్లెటూరి తిరుగుళ్లకీ. అందుకని దానికి ప్యాడ్ పల్చగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. స్వెట్టర్ మీద వేసుకునేది కాబట్టి ఛాతీ, చంక కాస్త లూజు. బ్లేజర్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. కేంబ్రిడ్జిలో పడవ పందేల క్లబ్బు కుర్రాళ్లు వేసుకున్న ఎర్ర కోట్ల నుంచి వచ్చిన పేరని చెబుతారు. ఒకే రంగు గుడ్డ, వేరే రంగు గుండీలు దాని గుర్తు. భుజం మాత్రం కుట్టినవాడి ఇష్టాన్ని బట్టి గట్టిగానూ ఉండొచ్చు, మెత్తగానూ ఉండొచ్చు.

మీ కోటు ఏ రకమో వేలితోనే తెలుస్తుంది. భుజం మీంచి చేతి వైపు వేలు జరపండి. కుట్టు దాటాక చేతి వైపు ఉబ్బు తగిలితే గట్టి భుజం. కుట్టు మడత భుజం వైపే పడుకుని, చేయి దాని కింద నుంచి మొదలైనట్టుంటే చొక్కా తరహా మెత్తటి భుజం. ఇటలీలో నేపుల్స్ టైలర్లకు పేరు తెచ్చింది ఈ పనే.

ఇక గుంట. గోడ పక్కన నిలబడి భుజాన్ని మెల్లగా గోడకు ఆనించండి. చేయి తగలకముందే ప్యాడ్ తగిలి నలిగితే భుజం వెడల్పు ఎక్కువైనట్టు. చేయీ ప్యాడూ ఒకేసారి తగిలినా గుంట ఉంటే, చేయి అతికించిన కోణం తప్పు, లేదా లోపలి పట్టీ లేదు. పట్టీ లేకపోతే అది పెట్టడం చిన్న పనే. కోణం తప్పైతే చేయి ఊడదీసి, మీ చేతులు వేలాడే తీరుకి తగ్గట్టు కాస్త ముందుకో వెనక్కో తిప్పి కుట్టాలి.

చిత్తూరు అబ్బాయికి వీపు మీద భుజం ఎముక నుంచి ఎముకకి పదిహేడున్నర అంగుళాలు, కోటు పద్దెనిమిదిన్నర. అంటే అటూ ఇటూ అరంగుళం ప్యాడ్ గాలిలో ఉంది. "అయితే ప్యాడ్ పీకేయ్ అన్నా" అన్నాడు. అందరూ అడిగేది ఇదే. కానీ గుడ్డను కత్తిరించినప్పుడే ప్యాడ్ ఎత్తుకి చోటు వదిలి ఉంటారు. ప్యాడ్ తీస్తే ఆ మిగులు గుడ్డ కూలిపోయి, మెడ దగ్గర నుంచి చంక వైపు ఏటవాలుగా ముడతలు పడతాయి.

అందుకే అరంగుళం మందం ప్యాడ్ తీసి పల్చటిది పెట్టాం. చేతి చివర భుజం కుట్టును పావంగుళం దించి మిగులు తీసేశాం. రెండు వైపులా వెడల్పు అరంగుళం లోపలికి జరిపాం. చేయి లోపలికి పోయేసరికి మణికట్టు దగ్గర పొడవు అరంగుళం తగ్గింది, మడతలో గుడ్డ ఉంది కాబట్టి దించగలిగాం. అక్కడ కాజాలు నిజంగా కోసి ఉంటే దించడం కుదరదు. పని చెప్పే ముందే అది చూసుకోండి.

ఒక్కో వైపు అరంగుళానికి మించి తగ్గించాల్సి వస్తే నేను ఒప్పుకోను. చంక ఆకారం చెడుతుంది, కాలర్ మెడను వదిలేస్తుంది. ఇంతా చేసినా ఆ కోటు బ్లేజర్ అయిందని అనను. నున్నటి సూటు గుడ్డ మెరుపు అలాగే ఉంటుంది. ఖద్దరులా నేత కనిపించే గుడ్డకైతే బంగారు గుండీలు నప్పుతాయి. అతని దానికి ముదురు గోధుమ రంగు గుండీలు వేయించాను.

సమస్య: మండపంలో పావుగంటకే వీపు తడిసిపోతోంది

మన ఎండల్లో గుడ్డ కన్నా లైనింగే ఎక్కువ ఉడికిస్తుంది. సూటు కోటుకి లోపలంతా లైనింగ్ ఉంటుంది, రెడీమేడ్‌లో అది దాదాపు పాలిస్టరే. అది చెమటను పీల్చుకోదు. వేసవి స్పోర్ట్ కోటులోనూ బ్లేజర్‌లోనూ వీపు కింది భాగం ఖాళీగా వదిలేస్తారు. చాలామంది దాన్ని పిసినారితనం అనుకుంటారు కానీ పని ఎక్కువయ్యేది దానికే. కుట్లు బయటికి కనిపిస్తాయి కాబట్టి ప్రతి అంచుకీ పైపింగ్ వేయాలి.

సూటు కోటుకి వీపు లైనింగ్ కింది సగం తీయించొచ్చు. పై భాగం, చేతుల లైనింగ్ ఉంచాలి. చేతుల్లో తీసేస్తే చొక్కా చేతికి పట్టుకుని కోటు దూరదు. మిగిలిన అంచులకు క్రాస్ పట్టీతో పైపింగ్ చెప్పండి. గుడ్డ లేత రంగో మరీ పల్చనో అయితే ఈ పని వద్దు, చొక్కా మడతలు బయటికి తెలుస్తాయి. అప్పుడు లైనింగ్ మొత్తం చెమట పీల్చే విస్కోస్‌కి మార్పించడం మేలు. ఏం చేసినా ముందు భాగంలో వేడి పెద్దగా తగ్గదు, అక్కడ లోపల కోటు బిగువుగా నిలబడడానికి వేసే బిరుసు గుడ్డ, బక్రం ఉంటుంది. దాన్ని తీస్తే కోటు నిలవదు.

సమస్య: డ్రై వాష్ అయ్యాక ఛాతీ మీద బుడగలు

ఇది గుడ్డ లోపం కాదు. లోపల జిగురుతో అంటించిన బక్రం వేడికో ఆవిరికో వదిలేసింది. కింది గుండీ కంటే దిగువన కోటు అంచును రెండు వేళ్లతో గిల్లి, పై గుడ్డనూ లోపలి గుడ్డనూ విడదీసి చూడండి. మధ్యలో మూడో పొర విడిగా జారుతూ తగిలితే అది జిగురు లేకుండా దారంతో కుట్టిన కాన్వాస్, దానికి బుడగలు రావు. తగలకపోతే జిగురు. ఛాతీ దగ్గర కూడా ఇలాగే గిల్లండి. కొన్నిటికి ఛాతీలో కాన్వాస్, కింద జిగురు ఉంటుంది.

తడి నూలు గుడ్డ పరిచి ఇస్త్రీ నొక్కితే బుడగలు అణుగుతాయి. ఒక ఫంక్షన్ గడిచిపోతుంది, తర్వాత మళ్లీ లేస్తాయి. ముందు భాగమంతా విప్పి కొత్త బక్రం వేయడానికయ్యే కూలి రెడీమేడ్ కోటు ధరకు దగ్గరగా వస్తుంది, అందుకని ఖరీదైన గుడ్డకైతేనే ఆ పని ఒప్పుకుంటాను.