రిజెక్ట్ చేసిన రిక్రూటర్‌కే మళ్లీ రాసేటప్పుడు

ఒక కంపెనీలో రిజెక్ట్ అయ్యాక అక్కడే ఇంకో ఓపెనింగ్ కనిపిస్తే, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. రిజెక్షన్ వచ్చిన పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. రిక్రూటర్ రోజూ ఎందరితోనో మాట్లాడతారు, మన పేరు గుర్తుండదు. పాత మెయిల్ కింద ఉంటే మనం ఎవరో, ఏ రౌండ్ దాకా వెళ్లామో వెంటనే తెలుస్తుంది. సబ్జెక్ట్ లైన్ మాత్రం మార్చకండి. జీమెయిల్‌లో అది మారిస్తే వేరే మెయిల్‌గా విడిపోతుంది. కొత్త ఉద్యోగం పేరు, జాబ్ ఐడీ మొదటి వాక్యంలోనే రాయండి.

నేను డేటా అనలిస్ట్ ఇంటర్వ్యూలో రెండో రౌండ్‌లో, ఎస్‌క్యూఎల్ దగ్గర ఆగిపోయాను. ఏడు నెలలకు అదే కంపెనీలో రిపోర్టింగ్ ఉద్యోగం పడింది. నాలుగు వాక్యాలే రాశాను: ఫలానా జాబ్ ఐడీకి ఆసక్తి ఉంది, మార్చిలో మీతో మాట్లాడాను, అప్పటినుంచి ఆఫీసులో నెలవారీ సేల్స్ రిపోర్టుల క్వెరీలన్నీ నేనే రాస్తున్నాను, ఈ పోస్టు భర్తీ మీరు చూసుకోకపోతే ఎవరికి రాయాలో చెప్పగలరా? ఆ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. నాకు జవాబు వచ్చింది దానికే, వేరే టీమ్ రిక్రూటర్‌ను కాపీలో పెట్టి మరీ ఇచ్చారు.

పాత రిజెక్షన్ ఎందుకని అందులో అడగకండి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లకు చాలా కంపెనీల్లో మళ్లీ అప్లై చేసేముందు ఆగాల్సిన కూలింగ్ పీరియడ్ ఉంటుంది, తరచూ ఆరు నెలలు. అది పూర్తి కాలేదనిపిస్తే, ఈ పోస్టుకు కూడా వర్తిస్తుందా అని ఒక్క లైన్‌లో అడగండి. రెజ్యూమె కొత్తది జత చేయడం మరవకండి.