టైమర్ ఆఫ్ చూపిస్తున్నా మోటార్ ఆగకపోతే: సమస్య - పరిష్కారం

చలికాలమంతా గీజర్‌కు బాగా పనిచేసిన టైమర్ అది. ఎండలు ముదిరాక గీజర్‌తో పని లేకుండా పోయింది, దాన్నే విప్పి సంపు మోటార్‌కు బిగించుకున్నారు. రెండు వారాలు తిరక్కుండానే కాజీపేట నుంచి నాకు ఫోన్ వచ్చింది. "అన్నా, టైమర్ల ఆఫ్ అనే చూపిస్తుంది గని మోటార్ బందైతలేదు" అని. నేను పోయేసరికి పైన ట్యాంకు పొంగి నీళ్లు గోడ వెంబడి కారుతున్నాయి. కింద సంపు ఎండిపోయి మోటార్ ఉత్తగనే తిరుగుతోంది. నీళ్లు లేక దాని సీల్ కూడా మాడిపోయింది.

టైమర్ మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంది. మోటార్ 1 హెచ్‌పీ, దాని నేమ్ ప్లేట్ మీద 7 ఆంపియర్లు. "సగం కూడ లేదు కదన్నా, ఎట్ల పోయింది?" అని ఆ ఇంటాయన అడిగిండు. అడగాల్సిన ప్రశ్నే.

ముందు పోయింది ఏదో తేల్చుకోండి

ఎంసీబీ ఆఫ్ చేసి, వైర్లలో కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, మోటార్‌కు పోయే వైరును టైమర్ నుంచి విప్పండి. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి, టైమర్‌లోకి ఫేజ్ వచ్చే టెర్మినల్‌కు, మోటార్‌కు పోయే టెర్మినల్‌కు ఆనించండి. డిజిటల్ టైమర్ లోపల మోటార్‌కు కరెంటు కలిపి, విడదీసేవి రిలే పాయింట్లు. కరెంటే లేనప్పుడు అవి విడిపోయి ఉండాలి. బీప్ వచ్చిందంటే అవి అతుక్కుపోయినట్లే. డిస్‌ప్లే మాత్రం పాపం నిజమే చెబుతోంది. ఆఫ్ చేయమని అది ఆర్డర్ ఇచ్చింది, పాయింట్లే కదల్లేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. టైమర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో రెండు దెబ్బలు వేస్తే పాయింట్లు ఊడివస్తాయి, మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. దాన్ని నమ్మకండి. ఆ టైమర్‌ను విప్పి చూస్తే పాయింట్ల మీద నున్నగా ఉండాల్సిన చోట నల్లటి గుంట, పక్కనే కరిగి గడ్డకట్టిన చిన్న మొటిమ కనిపించాయి. అలాంటి పాయింట్ మళ్లీ అతుక్కుంటుంది, ఈసారి ఇంకా తొందరగా.

ఎందుకు అతుక్కుంది

2000 వాట్ల గీజర్‌ను 230 వోల్టుల మీద లెక్కేస్తే 8.7 ఆంపియర్లు వస్తుంది. ఆన్ చేసిన క్షణంలోనూ అంతే, గంట తర్వాతా దాదాపు అంతే. దాన్ని రెసిస్టివ్ లోడ్ అంటాం. టైమర్ మీద పెద్దగా రాసే 16 ఆంపియర్లు ఇలాంటి లోడ్ కోసమే.

మోటార్‌ది వేరే లెక్క. నేమ్ ప్లేట్ మీది 7 ఆంపియర్లు అది తిరుగుతున్నప్పుడు తీసుకునేది. రోటార్ కదలకుండా ఉన్న మొదటి క్షణంలో కరెంటుకు అడ్డు తక్కువ, అందుకే ఐదారు రెట్లు లాగుతుంది. అంటే కాసేపు సుమారు 40 ఆంపియర్లు. సరిగ్గా ఆ సమయానికే టైమర్ పాయింట్లు ఒకదానికొకటి తగిలి, కొన్ని మిల్లీసెకన్ల పాటు బంతిలా ఎగిరెగిరి కూర్చుంటాయి. ఎగిరిన ప్రతిసారీ 40 ఆంపియర్ల నిప్పు పుడుతుంది, పాయింట్ పైపొర కరుగుతుంది, కరిగి ఉండగానే రెండూ మళ్లీ ఆనుకుంటాయి. వెల్డింగ్ అంటే అదే కదా.

ఆఫ్ చేసేటప్పుడు ఇంకో దెబ్బ. గీజర్‌లో వోల్టేజీ, కరెంటు రెండూ ఒకేసారి సున్నాకు వస్తాయి, అందుకే పాయింట్ల మధ్య స్పార్క్ అక్కడే చస్తుంది. మోటార్ చుట్ట వల్ల కరెంటు వెనకబడి నడుస్తుంది. కరెంటు సున్నాకు వచ్చేసరికి వోల్టేజీ ఇంకా బలంగానే ఉంటుంది, ఆరిన స్పార్క్‌ను మళ్లీ అంటిస్తుంది. దీనికితోడు చుట్టలో దాచుకున్న అయస్కాంత శక్తి కూడా ఆ సందులోనే ఖర్చవుతుంది. గుంట పడేది అందుకే.

సాయంత్రాలు వోల్టేజీ 180కి పడిపోయే వీధుల్లో ఇది ఇంకా ముదురుతుంది. వోల్టేజీ తగ్గితే గీజర్ తక్కువ కరెంటు తీసుకుంటుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. మోటార్‌కు మాత్రం లేచే బలం మూడు పాళ్లలో రెండు పాళ్లకన్నా తక్కువే మిగులుతుంది. అది పుంజుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతసేపూ పెద్ద కరెంటే పారుతుంది.

కొనేటప్పుడు ఏం చదవాలి

పెద్ద అంకె కాదు, దాని పక్కన చిన్నగా ఉన్నది చదవండి. కొన్నిటి మీద `16(4)A` అని ఉంటుంది. బయటి 16 గీజర్‌కు, బ్రాకెట్‌లోని 4 మోటార్ లాంటి చుట్ట ఉన్న ఇండక్టివ్ లోడ్‌కు. 4 ఉన్నదాని మీద 7 ఆంపియర్ల మోటార్ పెట్టొద్దు. ఇంకొన్నిటి మీద `AC-1`, `AC-3` అని ఉంటుంది. మొదటిది గీజర్ లాంటివాటికి, రెండోది మోటార్‌కు. ఒక్క 16 తప్ప ఏమీ రాయకపోతే అది గీజర్ టైమర్ అనుకుని కొనండి.

గీజర్‌కు 2000 వాట్ల వరకు 16 ఆంపియర్ల టైమర్ హాయిగా సరిపోతుంది. 3000 వాట్లదైతే 13 ఆంపియర్లు లాగుతుంది, చాలాసేపు లాగుతుంది. అక్కడ టెర్మినల్ స్క్రూ కాస్త వదులైనా వేడెక్కి ప్లాస్టిక్ వాసన వస్తుంది. దానికి నేనైతే 25 ఆంపియర్లది పెడతాను.

మోటార్‌కు సరైన దారి: కాంటాక్టర్

పెద్ద టైమర్ వెతుక్కుంటూ తిరగడం కన్నా ఆ 16 ఆంపియర్లదే ఇంకొకటి కొని, మధ్యలో కాంటాక్టర్ పెట్టండి. చిన్న కాయిల్‌కు కరెంటు ఇస్తే పెద్ద పాయింట్లను కలిపే స్విచ్ అది. కాజీపేటలో నేను చేసిందీ అదే. టైమర్ నుంచి వచ్చే ఫేజ్ ఇక మోటార్‌కు పోదు, కాంటాక్టర్ కాయిల్‌లో `A1`కు పోతుంది. `A2`కు న్యూట్రల్. కాయిల్ 230 వోల్టులదే తీసుకోవాలి, షాపులో 415ది చేతిలో పెడితే అది లాగదు. ఆ కాయిల్ నడిచేటప్పుడు తీసుకునేది అర ఆంపియర్ కన్నా చాలా తక్కువ, కాబట్టి టైమర్ పాయింట్ల మీద బరువే ఉండదు. మోటార్ కరెంటంతా ఎంసీబీ నుంచి నేరుగా కాంటాక్టర్ పెద్ద పాయింట్ల ద్వారా పోతుంది. 7 ఆంపియర్ల మోటార్‌కు `AC-3` కింద 9 ఆంపియర్లు రాసినది చాలు. లో వోల్టేజీ ఉన్న ఇల్లు కాబట్టి 12ది పెట్టాను.

కింద, కరెంటు హద్దు మించితే మోటార్‌ను ఆపించే ఓవర్‌లోడ్ రిలే కూడా బిగించి, దాని డయల్‌ను నేమ్ ప్లేట్ అంకె 7 మీదే పెట్టాను. రిలే `95-96` పాయింట్‌ను కాయిల్ వైరులో వరసగా కలపాలి, లేకపోతే రిలే ట్రిప్ అయినా మోటార్ ఆగదు. ఈ రిలేలో మూడు ఫేజ్‌లకు మూడు గడులు ఉంటాయి. సింగిల్ ఫేజ్ మోటార్ కదా అని ఒక్క గడి నుంచే వైరు పోనిస్తే, మిగతా ఫేజ్‌లు పోయాయనుకుని చాలా రిలేలు ఊరికే ట్రిప్ అవుతాయి. ఫేజ్‌ను ఒక గడిలోంచి ఇంకో గడిలోకి తిప్పి, మూడు గడుల గుండా పోనివ్వాలి.

కాంటాక్టర్ పెట్టాక టకటకమంటుంటే

వోల్టేజీ పడిపోయి కాయిల్ పట్టు నిలవడం లేదన్నమాట. మోటార్ లేచే క్షణంలో కాయిల్ దగ్గర మీటర్ పెట్టి చూడండి. 195 కన్నా కిందికి పడుతుంటే ముందు మీటర్ బోర్డు నుంచి వచ్చే వైరు సన్నగా ఉందేమో, జాయింట్లు వదులుగా ఉన్నాయేమో చూసి బాగుచేయండి. వీధిలోనే వోల్టేజీ తక్కువైతే టైమ్‌ను తెల్లవారుజాముకు మార్చండి. ఆ టకటక అలాగే వదిలేస్తే కాంటాక్టర్ పాయింట్లు కూడా అతుక్కుంటాయి.

సబ్‌మెర్సిబుల్ బోరుకు పచ్చ, ఎర్ర బటన్ల ప్యానెల్ ఉంటే, దాని సప్లైకి టైమర్ పెట్టి లాభం లేదు. కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా అది లేవదు. టైమర్‌ను ఆ ప్యానెల్ లోపలి కాయిల్ సర్క్యూట్‌లో కలపాలి. కెపాసిటర్లు ఉండే డబ్బా అది, ఆఫ్ చేశాక కూడా కొట్టగలవు, కనుక ఆ పని మాత్రం మోటార్ మెకానిక్‌కే వదిలేయండి.