నర్సింగ్ చట్టం, 4వ పాఠం: భర్త సంతకం పెట్టాడు కదా అంటే చాలదు

ఈ వారం నిర్లక్ష్యం గురించి చెప్పాలనుకున్నాను. కానీ గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు వచ్చిన జవాబులు చదివాక, సమ్మతి దగ్గరే ఇంకాస్త ఆగక తప్పదనిపించింది. నిర్లక్ష్యం గురించి చివర్లో కొంచెం చెబుతాను.

ప్రశ్న మళ్లీ ఒకసారి చూడండి. ముప్పై నాలుగేళ్ల టీచర్‌కు ఉదయం ఎనిమిది గంటలకు లాపరోస్కోపీతో పిత్తాశయం తీసే ఆపరేషన్. ఆమె స్పృహలో ఉంది, చదువుకుంది, మాట్లాడుతోంది. కేస్ షీట్‌లోని ఆపరేషన్ ఫారం మీద ఉన్నది మాత్రం ఆమె భర్త సంతకం. అడ్మిషన్ రోజు కౌంటర్‌లో మిగతా కాగితాలతో పాటు దాన్నీ పెట్టించారు. ఆరు గంటలకు మిడజోలం ఇవ్వమని ఆర్డర్ ఉంది. నైట్ డ్యూటీలో ఉన్నది మీరు. ఏం చేస్తారు?

ఎక్కువమంది 'సంతకం ఉంది కాబట్టి సాక్షిగా సంతకం చేసి ఓటీకి పంపుతాను' అని రాశారు. కొందరు 'భార్య తరఫున భర్త సమ్మతి ఇవ్వొచ్చు' అని కారణం కూడా జోడించారు. ఇవ్వకూడదు. పద్దెనిమిదేళ్లు నిండి, స్పృహలో ఉండి, చెప్పింది అర్థం చేసుకోగల మనిషి శరీరం మీద నిర్ణయం ఆ మనిషిదే. భర్త, తండ్రి, కొడుకు, అత్తగారు ఎవరూ ఆ స్థానంలోకి రాలేరు. మన వార్డుల్లో అటెండెంట్ సంతకం తీసుకోవడం ఎంతగా అలవాటైపోయిందంటే, అదే చట్టమని నమ్మేస్తున్నాం. గర్భస్రావానికి వచ్చిన, పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీని 'మీ ఆయన్ని పిలువమ్మా, సంతకం కావాలి' అని వెనక్కి పంపేవాళ్లను చూస్తే నాకు చాలా కోపం వస్తుంది. 1971 నాటి ఎంటీపీ చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. ఆమె మైనరైనా, మానసిక అనారోగ్యంతో ఉన్నా మాత్రమే సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి.

దీనిమీద తెలుసుకోవాల్సిన తీర్పు సమీరా కోహ్లీ వర్సెస్ డాక్టర్ ప్రభా మంచందా. 1995 మే నెలలో నలభై నాలుగేళ్ల అవివాహిత నెలసరి రక్తస్రావం ఆగడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. లాపరోస్కోపీ చేసి చూడాలన్నారు. ఆమె సంతకం చేసిన ఫారంలో రోగనిర్ధారణకూ చికిత్సకూ లాపరోస్కోపీ అని, అవసరమైతే పొట్ట కోయాల్సి రావచ్చని ఉంది. ఆమె మత్తులో ఉండగా డాక్టర్ సహాయకురాలు ఓటీ నుంచి బయటికి వచ్చి, గర్భసంచి తీయడానికి తల్లి చేత సంతకం పెట్టించుకుంది. గర్భసంచి, అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీసేశారు.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 జనవరి 16న వచ్చిన తీర్పులో, తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. ఆ స్త్రీ పెద్దది, నిర్ణయించుకోగలది, మత్తు వల్ల కాసేపు మాత్రమే స్పృహలో లేదు. మత్తు దిగేదాకా ఆగితే ప్రాణం పోయే పరిస్థితి కూడా లేదు. డాక్టర్ మంచి ఉద్దేశంతోనే చేశారని కోర్టు ఒప్పుకుంది. అయినా అనుమతి లేని ఆపరేషన్ కాబట్టి ఫీజు వసూలు చేయకూడదని, 25,000 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సరిపోదన్నది మీరు గుర్తుంచుకోవాల్సిన భాగం. ఓటీ తలుపు బయటికి ఫారం పట్టుకుని వెళ్లమని రేపు మిమ్మల్నే పంపొచ్చు.

మరి ఉదయం ఆరు గంటలకు ఏం చేయాలి? ముందు మిడజోలం ఆపండి. మత్తు మందు పడ్డాక పెట్టించే సంతకానికి విలువ లేదు. తర్వాత ఆమెనే అడగండి: 'రేపు... అంటే ఇవాళ మీకు ఏ ఆపరేషన్ చేస్తున్నారో డాక్టర్‌గారు చెప్పారా? మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి.' ఏం తీస్తున్నారో, ఎందుకో, లాపరోస్కోపీ కుదరకపోతే పొట్ట కోస్తారనో ఆమె చెప్పగలిగితే, ఫారం ఆమెకు వచ్చిన భాషలో చదివి వినిపించి ఆమె చేత సంతకం పెట్టించి, మీరు సాక్షిగా పెట్టండి. ఆమె మీ ఎదుట తన ఇష్టంతో సంతకం చేసిందన్నదానికే మీరు సాక్షి.

'ఏమో సిస్టర్, మా ఆయనకు చెప్పారు' అంటే అక్కడితో ఆగిపోండి. మీకు తెలిసినా ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు మీరు వివరించకండి. ఆపరేషన్ గురించి చెప్పి సమ్మతి తీసుకోవడం ఆపరేషన్ చేసే డాక్టర్ బాధ్యత. ఆ పని మీదేసుకుంటే మీ వృత్తి పరిధి దాటినట్టే. సర్జన్‌కు ఫోన్ చేసి, 'సార్, పేషెంట్‌కు ఆపరేషన్ గురించి తెలియదు, ఆవిడ సంతకం లేదు, ప్రీమెడికేషన్ ఆపాను, మీరొచ్చి మాట్లాడాలి' అనండి. నర్సెస్ నోట్స్‌లో ఇలా రాయండి: 'ఉదయం 6.10. పేషెంట్ తనకు ఆపరేషన్ వివరాలు తెలియవని చెప్పారు. ఫారం మీద భర్త సంతకం మాత్రమే ఉంది. మిడజోలం ఇవ్వలేదు. 6.15కు సర్జన్‌కు ఫోన్‌లో తెలిపాను.' కింద మీ పేరు, సంతకం. సర్జన్ విసుక్కుంటారు, లిస్టులో ఆమె వెనక్కి వెళ్తుంది. వెళ్లనివ్వండి.

ప్రాణాపాయంలో స్పృహలేకుండా వచ్చినవాళ్ల సంగతి వేరు. సమ్మతి ఇచ్చేవాళ్లు సమయానికి దొరక్కపోతే ఆగకూడదు. మంచి ఉద్దేశంతో చేసిన చికిత్సను భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ కాపాడుతుంది. తెల్లవారితే జరగబోయే పిత్తాశయం ఆపరేషన్ ఇందులోకి రాదు.

ఇక నిర్లక్ష్యం. ఫారంలో ఆమె సంతకం లేదని చూసి కూడా చెక్‌లిస్ట్‌లో టిక్ పెట్టి పంపితే, 'డాక్టర్ పంపమన్నారు' అన్న జవాబు మిమ్మల్ని పూర్తిగా కాపాడదు. చూడడం, ఆపడం, చెప్పడం మీ బాధ్యత. మరొకటి, పరీక్షలో ఇప్పటికీ పాత ఐపీసీ 304-ఎ అని రాస్తున్నారు. 2024 జూలై 1 నుంచి జరిగిన ఘటనలకు నిర్లక్ష్యం వల్ల మరణమంటే న్యాయ సంహిత 106(1). అక్కడ గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. వైద్యం చేస్తుండగా జరిగితే దాన్ని రెండేళ్లకు తగ్గించింది రిజిస్టర్డ్ వైద్యులకే. ఆ నిర్వచనంలో నర్సులు లేరు.

ఈసారి అభ్యాసం: యాభై రెండేళ్ల వితంతువు రొమ్ములో గడ్డకు మత్తిచ్చి బయాప్సీ చేస్తున్నారు. సమ్మతి బయాప్సీ వరకే ఉంది. మధ్యలో క్యాన్సర్ అని తేలింది. రొమ్ము తీసేయడానికి కొడుకు సంతకం తెమ్మని సర్జన్ మిమ్మల్ని బయటికి పంపారు. సర్జన్‌తో మీరనే మాటలు యథాతథంగా రాయండి. కొడుకు 'నేను పెడతాలే సిస్టర్' అంటే ఇచ్చే జవాబు రాయండి. ఆ రోజు నర్సెస్ నోట్స్ గంటలు, నిమిషాలతో సహా రాయండి. ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి ఫారంలో ఏ వాక్యం ఉండి ఉంటే ఈ సమస్య వచ్చేది కాదో కూడా రాయండి.