ఫోన్ నంబరు చదవడం – 3వ పాఠం: అడ్డగీత ఎక్కడ?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుందా? తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక పాత బట్టల కొట్టు బిల్లు పుస్తకం మీద 08574-48××× అని ఉంది. దాన్ని ఇప్పటి నంబరుగా మార్చమన్నాను. చాలామంది 08574 చిత్తూరు జిల్లాలో ఏదో పల్లె కోడ్ అనుకుని ఉంటారు. కాదు, అది తిరుపతి పాత ఎస్టీడీ కోడే. చిత్తూరు 08572, మదనపల్లె 08571, శ్రీకాళహస్తి 08578. అన్నీ 857 కుటుంబమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ముందున్న సున్నాను పక్కన పెట్టండి. అది నంబరులో భాగం కాదు, "ఇది ఊరు దాటే కాల్" అని మన ఎక్స్ఛేంజికి చెప్పే సైగ మాత్రమే. మిగిలింది 8574, తర్వాత ఐదంకెలు, మొత్తం తొమ్మిది. ఇప్పుడు దేశమంతా కోడ్, నంబరు కలిపి పది రావాలి. తిరుపతి కోడ్ 877 అయింది, అంటే ఒక అంకె తగ్గింది. కాబట్టి నంబరు ఏడంకెలు కావాలి. 48××× ముందు రెండు 2లు చేరి 0877-2248××× అయింది. అభ్యాసానికి జవాబు ఇదే. ఆ లైను ఇంకా ఉందో లేదో మాత్రం నన్నడగొద్దు.

అంకెలు ఎందుకు పెరిగాయి? ఆపరేటర్ల కాలంలో నంబరంటే బోర్డు మీద ఒక రంధ్రం. "ముప్పై ఆరు ఇవ్వమ్మా" అంటే ఆవిడ తీగను 36 అనే రంధ్రంలో గుచ్చేది. వేరే ఊరికి కావాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆ పద్ధతిలో నంబరు ఎంత చిన్నదైనా ఇబ్బంది లేదు, వింటున్నది మనిషి కదా. తర్వాత మనమే డయల్ తిప్పడం మొదలయ్యాక వినేది యంత్రం. ఒక్కో అంకెకూ స్విచ్ ఒక మెట్టు ముందుకెళ్తుంది. మొదటి అంకె దగ్గరే అది దారి తేల్చుకోవాలి. 0 బయటి ఊళ్లకు, 1 ప్రత్యేక సేవలకు పోతే నంబర్లకు మిగిలేవి 2 నుంచి 9 దాకా. అందుకే ఐదంకెల్లో లక్ష నంబర్లు కాదు, గరిష్ఠంగా 80 వేలే వస్తాయి. ప్రైవేటు కంపెనీలు కూడా ల్యాండ్‌లైన్లు ఇవ్వడం మొదలుపెట్టాక, ఏ కంపెనీ నంబరో మొదటి అంకెతోనే తెలియాల్సి వచ్చింది. ప్రభుత్వ కంపెనీ ఫోన్లకు 2 వచ్చింది. ఊరూరా పాత నంబరు ముందు 2 కనిపించేది అందుకే.

పెద్ద ఊరికి పొట్టి కోడ్ ఎందుకో కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. హైదరాబాద్ 40, తర్వాత ఎనిమిది అంకెలు. తిరుపతి 877, తర్వాత ఏడు. చిత్తూరు 8572, తర్వాత ఆరు. మొత్తం ఎప్పుడూ పదే. ఫోన్లు ఎక్కువున్న చోట నంబరు పొడవు కావాలి కాబట్టి కోడ్ కురచవుతుంది. అమెరికాలో 1947లో ఏరియా కోడ్‌లు ఇచ్చినప్పుడు లెక్క వేరు. అక్కడ కోడ్‌లన్నీ మూడంకెలే. అయితే ఫోన్లు ఎక్కువున్న న్యూయార్క్‌కు త్వరగా తిప్పగలిగే 212 వచ్చింది. తిప్పే డయల్ మీద చిన్న అంకెలు త్వరగా అయిపోతాయి, సున్నాకైతే పది తట్లు పడతాయి.

ఇక అసలు విషయం, అడ్డగీత. మా వీధిలో ఒక ఫ్లెక్సీ మీద 08772-248××× అని చూశాను. రాసినాయన చిత్తూరు అలవాటుతో ఐదంకెల తర్వాత గీత పెట్టేశాడు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి హైదరాబాద్ నుంచి మొత్తం నొక్కితే మోగుతుంది. తిరుపతిలో ల్యాండ్‌లైన్ ఉన్న పెద్దాయన మాత్రం కోడ్ వదిలేసి ఆరంకెలే నొక్కుతాడు, కాల్ కలవదు. గీత అందం కోసం కాదు. దానికి ముందున్నది ఊళ్లోవాళ్లు వదిలేయొచ్చని చెప్పడానికి. తప్పు గీత బయటివాళ్లకు కనిపించదు, ఊళ్లోవాళ్లకే దెబ్బ. విదేశాల వాళ్ల కోసం రాసేటప్పుడు ఇంకో పొరపాటు చేస్తారు, +91-0877 అని. ముందు +91 వచ్చాక సైగ సున్నా ఉండకూడదు. +91-877 అని రాయాలి.

మొబైల్ నంబరులో వదిలేసే భాగమే లేదు. అందుకే ఐదు–ఐదుగా చదవడం మన ఊపిరి కోసమే. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు మాత్రం 2021 జనవరి 15 నుంచి ముందు 0 కొట్టాల్సిందే.

అభ్యాసం: వీటిలో రెండు తప్పులున్నాయి. ఏవి, ఎందుకు?

08578-22××××
08772-22××××
0877-22×××××
+91-08572-2×××××

జవాబులు వచ్చే పాఠంలో.