ఏసీ 18లో పెట్టినా గది 28 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

రోహిణి కార్తెలో రాత్రి పదిన్నరకి విజయవాడ నుంచి బావ ఫోన్. "ఒరేయ్, 18లో పెట్టి రెండు గంటలైంది, ఇంకా చెమట పడుతూనే ఉంది. గ్యాస్ తగ్గిందంటున్నాడు మెకానిక్, నింపించేయమంటావా?" అని. ఆగు బావా, వచ్చాక చూద్దాం అన్నాను. ఆ వారాంతం వెళ్లి చూసిందే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే వేసవిలో ఏసీ గురించి నన్నడిగే ప్రశ్నల్లో సగం దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఒక మాట. రిమోట్ మీద 18 అంటే 18 డిగ్రీల గాలి వస్తుందని కాదు. 18 పెట్టినా 26 పెట్టినా, కంప్రెసర్ పూర్తి జోరులో నడుస్తున్నంతసేపూ జాలీలోంచి వచ్చే గాలి చల్లదనం దాదాపు ఒకటే. ఇన్‌డోర్ యూనిట్ పైభాగంలో ఫిల్టర్ వెనక చిన్న సెన్సర్ ఉంటుంది, అది లోపలికి పీల్చే గది గాలి వేడిని చూస్తుంటుంది. "ఆ గాలి ఇంత డిగ్రీలకి దిగాక ఆగు" అని మనం చెప్పేదే ఆ నంబర్. పాత రకం ఏసీ అయితే కంప్రెసర్ ఠక్కున ఆగుతుంది, ఇన్వర్టర్ అయితే దగ్గర పడేకొద్దీ నెమ్మదిస్తుంది. కాబట్టి త్వరగా చల్లబడాలని 16 నొక్కడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆటో ఎక్కి "ఇంకో రెండు వీధుల అవతల దింపు" అన్నంత మాత్రాన ఆటో వేగం పెరగదు కదా!

18 పెట్టినా గది చల్లబడట్లేదు

బావ వాళ్లది పై అంతస్తు, పడకగదికి పడమటి గోడ, ఒకటిన్నర టన్ను ఏసీ. చవక డిజిటల్ థర్మామీటర్ పట్టుకెళ్లాను. ఇలాంటి చోట కొలవాల్సినవి రెండే. ఏసీ పైనుంచి పీల్చుకునే గాలి ఎంత, కింది జాలీలోంచి వదిలే గాలి ఎంత. పావుగంట నడిచాక చూస్తే పీల్చేది 29, వదిలేది 16. తేడా 13 డిగ్రీలు. మామూలుగా 10 నుంచి 14 దాకా ఉంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. తేడా ఏడో ఎనిమిదో ఉంటే ముందు ఫిల్టర్ కడగాలి, బయటి యూనిట్‌కి గాలి ఆడుతోందో లేదో చూడాలి, అప్పటికీ మారకపోతేనే గ్యాస్ సంగతి. గ్యాస్ దానంతట అది అయిపోయేది కాదు, లీకుంటేనే తగ్గుతుంది. లీకు వెతక్కుండా నింపుతానంటే వద్దనండి.

అంటే ఏసీ బాగానే ఉంది, గది బాగాలేదు. పగలంతా ఎండ తాగిన స్లాబ్ అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంది, ఏసీ లాగేసేంత వేడి మళ్లీ పైనుంచి దిగుతోంది. ఇలాంటి గదిలో పీల్చే గాలి 18కి ఎప్పటికీ దిగదు, కనుక కంప్రెసర్ ఆగనే ఆగదు. గది ఎలాగూ 28 దగ్గరే ఆగిపోతున్నప్పుడు 18కీ 24కీ తేడా ఏముంటుంది? బావ నమ్మలేదు. ఒక రాత్రి 18, మర్నాడు రాత్రి 24 పెట్టి, పదింటికీ పొద్దున్న ఆరింటికీ మీటర్ చూసుకోమన్నాను. రెండు రాత్రులూ దాదాపు అంతే యూనిట్లు కాలాయి.

ఇక్కడ మందు రిమోట్‌లో లేదు. డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించాడు, పడమటి కిటికీకి బయటి వైపు నుంచి నీడ కట్టాడు, తలుపు కింది సందుకి రబ్బరు పట్టీ అంటించాడు. బయటి నీడ అని ఎందుకంటున్నానంటే, లోపల కర్టెన్ వేస్తే అద్దం దాటి లోపలికొచ్చిన ఎండ గదిలోనే ఉండిపోతుంది. ఆ తర్వాత గది 24కి దిగడం మొదలైంది. నంబర్‌కి అర్థం వచ్చింది అప్పుడే.

కంప్రెసర్ తొందరగా ఆగిపోతోంది, గది మాత్రం వేడిగానే ఉంది

ఇది పైదానికి తిరగేసిన సమస్య. ఏసీకి ఎదురుగా బీరువానో కర్టెన్ రాడ్డో ఉంటే చల్లగాలి దానికి తగిలి, తిరిగి నేరుగా యూనిట్ పైకే వెళ్తుంది. సెన్సర్ ఆ చల్లగాలినే చూసి, గది చల్లబడిందనుకుని ఆపేస్తుంది. అడ్డు తీసేసి, జాలీ రెక్కల్ని ముందుకి అడ్డంగా పెట్టి, బ్లోయర్ జోరు పెంచండి. అన్నట్టు, రిమోట్ నొక్కినప్పుడు ఏసీ బీప్ మనకపోతే ఆ నంబర్ ఏసీకి అందనట్టే. రిమోట్ తెర మీద కనిపించేది రిమోట్ అనుకుంటున్నది మాత్రమే, ఏసీలో ఉన్నది వేరే అయ్యుండొచ్చు.

26 పెడితే జిడ్డుగా, ఉక్కగా ఉంది

విశాఖ, కాకినాడ, విజయవాడ వాళ్ల ఫిర్యాదు ఇది. హైదరాబాద్‌లో మే నెల పొడి ఎండకి 27 పెట్టి ఫ్యాన్ వేసుకున్నా హాయిగానే ఉంటుంది, కోస్తాలో అలా కుదరదు. గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరై పైపులోంచి బయటికి పోతుంది, కానీ కంప్రెసర్ నడుస్తున్నంతసేపే. అది ఆగిపోయి బ్లోయర్ ఒక్కటే తిరుగుతుంటే కాయిల్ మీది తడి మళ్లీ గదిలోకే వస్తుంది. అందుకని బ్లోయర్ తగ్గించండి, ఒక డిగ్రీ దించి 25 పెట్టి చూడండి, వానాకాలం మొదట్లో అయితే డ్రై మోడ్ వాడండి. చిన్న గదికి పెద్ద ఏసీ బిగిస్తే ఈ బాధ ఎక్కువ, చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగే టైమే దొరకదు.

తెల్లవారుజామున మూడింటికి వణుకు

పడుకునేటప్పుడు 22 హాయిగా ఉంటుంది, ఎందుకంటే అప్పటికి గోడలు వేడిగా ఉంటాయి, గది నిజంగా 22కి చేరి ఉండదు. మూడింటికి స్లాబ్ చల్లారి, నిద్రలో మన ఒంటి వేడీ తగ్గి, అప్పుడు అసలైన 22 మీదపడుతుంది. దాంతో ఏసీ నడుస్తూనే ఉంటుంది, మనం దుప్పట్లు వెతుక్కుంటాం! స్లీప్ మోడ్ ఉన్నది ఇందుకే, చాలా ఏసీల్లో గంటకో రెండు గంటలకో ఒక డిగ్రీ చొప్పున తనే పెంచుతుంది. లేదంటే మొదట్నుంచీ 26 పెట్టి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఆ గాలి తగిలితే ఒంటికి రెండు డిగ్రీలు తక్కువున్నట్టే ఉంటుంది. పాత ఫ్యాన్ తినేది 75 వాట్లు, ఒకటిన్నర టన్ను కంప్రెసర్ జోరు మీదుంటే 1,500 దాకా తింటుంది.

2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24తో మొదలవ్వాలని ఏసీలకి స్టార్ రేటింగ్ ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ రూలు పెట్టింది. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అన్నది కూడా వాళ్ల లెక్కే, కానీ అది కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగగలిగే గదికి. మీ ఇంట్లో ఎంతో మీటర్నే అడగండి, ఎండ ఒకేలా ఉన్న రెండు రాత్రులు చూసుకుంటే చాలు. పెయింట్ వేయించాక బావ చూసిన లెక్క, ఫ్రిజ్‌తో కలిపి, 22లో 10 యూనిట్లు, 26లో ఫ్యాన్‌తో 8. అక్క మాత్రం 25 కంటే పైకి ఒప్పుకోలేదు, రిమోట్ ఇప్పుడు ఆవిడ దిండు కింద ఉంటోంది.