డెవలప్‌మెంట్ అగ్రిమెంటుకి ఒక్క పేజీ సమ్మరీ: ఏది తీసేస్తే కొంప మునుగుతుంది (సమస్య - పరిష్కారం)

ఇంటి స్థలం డెవలపర్‌కి ఇస్తున్నారు. యాభై పేజీల డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ డ్రాఫ్టు ఇంగ్లిష్‌లో వచ్చింది. జీపీఏ అంటే ఓనర్ల తరఫున వ్యవహరించే అధికారం డెవలపర్‌కి రాసిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. ఓనర్లు నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అందులో ఇద్దరు పెద్దవాళ్లు. "ఒక్క పేజీలో తెలుగులో రాసివ్వరా, చూసుకుని సంతకం పెడతాం" అంటారు. ఇంట్లో కాస్త చదువుకున్న కుర్రాడు రాసిస్తాడు. అలాంటి పేజీలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, చాలావరకు సంతకాలు అయిపోయాక. అగ్రిమెంటు చదవడం వచ్చు, ఇంగ్లిష్ అర్థమవుతుంది అనుకునే ఇది రాస్తున్నాను. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్న దగ్గర వచ్చే తేడాల గురించే ఇదంతా.

లక్షణం: పేజీ నిండిపోయింది, కానీ "ఫ్లాట్లు ఎప్పుడొస్తాయి?" అంటే జవాబు లేదు

కారణం సింపుల్. క్లాజుల వరుసలోనే కుదించుకుంటూ పోయారు. ఈ అగ్రిమెంట్లలో మొదటి ఏడెనిమిది పేజీలు స్థలం చరిత్రే: తాతగారు ఎవరి దగ్గర కొన్నారు, లింకు డాక్యుమెంటు నంబర్లు, పార్టిషన్ ఎప్పుడైంది, వగైరా. అది ఓనర్లకు మీకంటే బాగా తెలుసు. అయినా సమ్మరీలో పావు పేజీ దానికే పోతుంది, ఎందుకంటే మొదట కనబడింది అదే.

పరిష్కారం: చరిత్ర మొత్తం కొట్టేయండి. "టైటిల్ వివరాలు పేజీ 2-9, సర్వే నంబర్లు, హద్దులు మీ డాక్యుమెంటుతో పోల్చుకోండి" అని ఒక్క లైను చాలు. నోటీసులు ఏ అడ్రసుకి పంపాలి, హెడ్డింగులకు అర్థం ఉండదు, ఒక క్లాజు చెల్లకపోయినా మిగతావి చెల్లుతాయి లాంటివి అన్ని అగ్రిమెంట్లలోనూ ఉండే సరుకే. చదవండి, రాయకండి. రాయడం మొదలుపెట్టే ముందే ఓనర్లను ఒక్క ప్రశ్న అడగండి: "ఏ విషయంలో తేడా వస్తే మీరు సంతకం పెట్టరు?" ఒకరు వాటా అంటారు, ఒకరు గడువు అంటారు, అక్క మాత్రం కట్టేవరకూ అద్దె ఎవరిస్తారు అంటుంది. ఆ మూడు జవాబులే మీ పేజీకి వెన్నెముక. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

లక్షణం: సమ్మరీలో ప్రతి లైనూ కరెక్టే, అయినా మోసపోయారు

అసలు దొంగ ఇక్కడుంటాడు. దీనికి కారణం డెఫినిషన్స్ క్లాజు. అందరూ "ఇది మామూలు సోదిలే" అని దాటేసేది కూడా దీన్నే.

ఒక డ్రాఫ్టు సంగతి చెబుతాను. నగరం అంచున 1,200 గజాలు, 50:50 వాటా. గడువు క్లాజు చాలా శుభ్రంగా ఉంది: 36 నెలలు, పైన 6 నెలల గ్రేస్, ఆలస్యమైతే ఓనర్ల వాటా మీద ఎస్‌ఎఫ్‌టీకి నెలకు 5 రూపాయలు. సమ్మరీలో ఇలా వచ్చింది:

"నిర్మాణం 36 నెలల్లో పూర్తి, 6 నెలల గ్రేస్. దాటితే ఎస్‌ఎఫ్‌టీకి నెలకు 5 రూ. పెనాల్టీ. పూర్తయ్యేవరకు ఒక్కొక్కరికి నెలకు 20 వేలు అద్దె."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఓనర్ల వాటా 18,000 ఎస్‌ఎఫ్‌టీ కాబట్టి పెనాల్టీ నెలకు 90 వేలు, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు డెఫినిషన్స్ పేజీకి వెళ్లి చూడండి. "నిర్మాణ కాలం" అంటే అన్ని అనుమతులూ వచ్చిన తేదీ నుంచి లెక్క. "అనుమతులు" అంటే మున్సిపల్ ప్లాన్ ఒక్కటే కాదు, ఫైర్ ఎన్‌ఓసీతో సహా "ప్రాజెక్టుకి అవసరమైన ఇతర అనుమతులన్నీ". ఆ అనుమతులకు ఎన్నాళ్లలో దరఖాస్తు చేయాలో ఎక్కడా లేదు. పెళ్లికార్డులో ముహూర్తం గంటలు, నిమిషాలతో సహా వేసి తేదీ వేయనట్టు. 2024 జనవరిలో సంతకం పెట్టినవాళ్లు 2027 జనవరికల్లా ఇళ్లు వస్తాయి, మహా అయితే ఆ జూలై అనుకుంటారు. అనుమతుల్లో ఆఖరిది 2025 ఫిబ్రవరిలో వచ్చిందనుకోండి, 36 నెలలు 2028 ఫిబ్రవరికి, గ్రేస్‌తో 2028 ఆగస్టుకి పోతుంది. అప్పటిదాకా డెవలపర్ ఒక్కరోజు కూడా లేటు కానట్టే, పెనాల్టీ రూపాయి కూడా మొదలవదు.

ఇంకా ఉంది. "పూర్తి" అన్న మాటకీ డెఫినిషన్ ఉంది: డెవలపర్ పెట్టుకున్న ఆర్కిటెక్టు సర్టిఫికెట్ ఇచ్చి, ఓనర్లకు లెటర్ పంపిన రోజు. మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఓసీ, దాని ఊసే లేదు. అంటే లిఫ్టు పెట్టకముందే, మున్సిపాలిటీ ఓసీ ఇవ్వకముందే ఆ లెటర్ వస్తే అద్దె ఆగిపోతుంది, పెనాల్టీ గడియారమూ ఆగిపోతుంది. దీనికి తోడు ఫోర్స్ మెజూర్, అంటే గడువు పెంచడానికి ఒప్పుకునే, ఎవరి చేతిలోనూ లేని విపత్తు. రెరా చట్టం సెక్షన్ 6 వివరణలో అది యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం లాంటి వాటికే పరిమితం. కానీ ఓనర్‌కీ డెవలపర్‌కీ మధ్య రాసుకునే కాగితంలో కూలీల కొరత, మెటీరియల్ దొరక్కపోవడం, "డెవలపర్ చేతిలో లేని ఏ కారణమైనా" అని పెట్టేస్తారు. ఈ డ్రాఫ్టులోనూ అంతే.

చూశారుగా, గడువు క్లాజులో ఒక్క తప్పు లేదు. అందులోని ప్రతి అంకెనూ డెఫినిషన్స్ పేజీ తినేసింది. కాబట్టి నేను పెట్టుకున్న రూలు ఒక్కటే: ఏ అంకెనైనా సమ్మరీలోకి ఒంటరిగా రానివ్వను. దాని పక్కన మూడు ఉండాలి: ఎప్పటినుంచి లెక్క, ఎప్పుడు ఆగుతుంది, ఏ సాకుతో వాయిదా పడుతుంది. ఆ మూడూ రాయడానికి చోటు లేకపోతే పక్కనున్న వేరే విషయాన్ని కొట్టేయండి కానీ వీటిని కాదు.

ఎలా పట్టుకోవాలి? పీడీఎఫ్‌లో పెద్దక్షరంతో మొదలయ్యే ప్రతి మాటనూ (వాళ్లు అర్థం నిర్ణయించిన మాట అని గుర్తు అది) డెఫినిషన్స్‌లో వెతికి చదవండి. తర్వాత Ctrl+F కొట్టి ఇవి ఒక్కొక్కటే వెతకండి:

```
subject to
notwithstanding
provided that
deemed
sole discretion
```

మొదటి మూడూ పైన ఇచ్చినదాన్ని కింద వెనక్కి తీసుకునే చోట్లు. నాలుగోది ఇంకా ప్రమాదం. ఇదే డ్రాఫ్టులో, ప్లాన్‌లో మార్పు గురించి డెవలపర్ లెటర్ రాస్తే 7 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఓనర్లు ఒప్పుకున్నట్టే లెక్క. నలుగురిలో ఒకరు డల్లాస్‌లో ఉన్నారు, లెటర్ వెళ్లేది ఊళ్లో తాళం వేసిన ఇంటి అడ్రసుకి. నోటీసు అడ్రసు రాయనక్కర్లేదని పైన అన్నాను, ఇలాంటి క్లాజు తగిలిన డ్రాఫ్టులో మాత్రం అదీ రాయాల్సిందే.

తిరగరాశాక ఆ భాగం ఇలా తేలింది:

"36+6 నెలలు మొదలయ్యేది సంతకం రోజు నుంచి కాదు, అనుమతులన్నీ వచ్చాక (1.14). దరఖాస్తుకి గడువు లేదు. 'పూర్తి' అంటే డెవలపర్ ఆర్కిటెక్టు లెటర్, ఓసీ కాదు (1.9), దానితో అద్దె, పెనాల్టీ రెండూ ఆగుతాయి. కూలీలు దొరక్కపోయినా గడువు పెరుగుతుంది (1.17). ప్లాన్ మార్పు లెటర్‌కి 7 రోజుల్లో జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే, లెటర్ ఊళ్లోని పాత ఇంటికే వస్తుంది (22.3)."

మొదటిదానికంటే రెండింతలుంది. చోటు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే స్థల చరిత్ర, టైల్స్ బ్రాండు, కిటికీల సైజు కొట్టేస్తే వచ్చింది. స్పెసిఫికేషన్స్ మీద అందరికీ మోజు ఎక్కువ, టీక్ తలుపా కాదా అని గంటసేపు మాట్లాడుకుంటారు. సమ్మరీలో "షెడ్యూలు సి చూడండి" అంటే సరిపోతుంది.

లక్షణం: సమ్మరీ చదివితే ఇద్దరికీ సమానంగా ఉన్నట్టుంది

అలా అనిపిస్తే అనుమానించండి. సమ్మరీ రాసేవాళ్లు అగ్రిమెంటులో ఉన్నదే కుదిస్తారు, లేనిది రాయరు. లేనిది కూడా ఒక షరతే. డెవలపర్ పని మధ్యలో ఆపేస్తే ఓనర్లు రద్దు చేసుకోవచ్చా? ఈ డ్రాఫ్టులో డెవలపర్ తప్పుకునే క్లాజు ఉంది, ఓనర్లకు లేదు. జీపీఏ కూడా ఇలాగే. రిజిస్ట్రేషన్ రోజునుంచే తన వాటా అమ్ముకునే అధికారం డెవలపర్‌కి వచ్చేసింది, పునాది తీయకపోయినా సరే. తర్వాత క్యాన్సిల్ చేస్తాలే అనుకోవద్దు. కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 202 ప్రకారం, పవర్ తీసుకున్నవాడికి ఆ ఆస్తిలోనే స్వప్రయోజనం ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ ప్రయోజనానికి నష్టం కలిగేలా దాన్ని రద్దు చేయడం కుదరదు.

పరిష్కారం: పేజీ కింద "అగ్రిమెంటులో లేనివి" అని రెండు మూడు లైన్లు వదలండి. ఓనర్లకు రద్దు హక్కు లేదు, అనుమతికి గడువు లేదు, మున్సిపాలిటీకి తనఖా పెట్టే ఫ్లాట్లు ఎవరి వాటాలోంచో లేదు. ఈ ఆఖరిది చిన్నగా కనిపిస్తుంది. అనుమతి కోసం పెట్టే తనఖా విడుదలయ్యేది ఓసీ వచ్చాకే, అది మీ వాటాలో పడితే అప్పటిదాకా ఆ ఫ్లాట్ అమ్ముకోవడం కుదరదు.

అరుదైనవి, త్వరగా

మాటల్లో చెప్పిన వాటా, షెడ్యూలు ప్లాన్‌లో రంగులేసి చూపిన ఫ్లాట్లు కలవకపోవడం: లెక్కపెట్టి చూడండి, పది నిమిషాల పని. పాత డ్రాఫ్టు మీద సమ్మరీ రాయడం: పైన డ్రాఫ్టు తేదీ వేయండి, మార్పులు వచ్చాక క్లాజు నంబర్లు మారతాయి. ఆర్బిట్రేషన్: డెవలపర్ ఒక్కడే ఆర్బిట్రేటర్‌ను పెడతాడని ఉంటే ఒక లైను రాసి లాయర్‌కి వదిలేయండి, దాన్ని విడమర్చి చెప్పే పని ఈ పేజీది కాదు. పన్ను సంగతి సీఏకి. సప్లిమెంటరీ అగ్రిమెంటు తర్వాత రాసుకుందాం అని ఎక్కడైనా ఉంటే మాత్రం ఆ క్లాజు నంబరు రాసిపెట్టండి, ఫ్లాట్ల పంపకం సాధారణంగా దాంట్లోనే ఉంటుంది, అది అయ్యేదాకా ఏ ఫ్లాట్ ఎవరిదో తేలదు.