అమ్మేవారికి సందేశం రాయడం, 4వ పాఠం: సీల్ తీయని గేమ్

పోయిన పాఠంలో వాడిన వస్తువు గురించి అడిగాం. అక్కడ "ఒకసారి ఆన్ చేసి వీడియో పంపండి" అంటే సరిపోయేది. సీల్ ఉన్న గేమ్‌కి ఆ వీలు లేదు. డిస్క్ చూపించమంటే సీల్ చింపాలి, చింపాక మీరు కొనాలనుకున్న సీల్డ్ గేమే ఉండదు. కాబట్టి పెట్టె బయట కనిపించేదాని గురించే అడగాలి.

మీ దగ్గర ప్లేస్టేషన్ 2 ఉందనుకోండి. ప్రకటనలో ముందువైపు ఫొటో ఒక్కటే ఉంది, కింద "కొత్తది, సీల్డ్, ఒరిజినల్" అని రాశారు. చాలామంది ఇలా అడుగుతారు:

"సీల్డేనా అండి? ఒరిజినలేనా? నా పీఎస్2లో ఆడుతుందా?"

మూడింటికీ "అవునండి" అనే జవాబు వస్తుంది. ఆయన అబద్ధం చెబుతున్నారని కాదు. ఔనో కాదో చెప్పే ప్రశ్నకి ఔననడం సులువు, అంతే. పైగా మూడో ప్రశ్నకు ఆయన దగ్గర జవాబే ఉండదు. పీఎస్2 తన రీజియన్‌కి, అంటే తాను అమ్ముడైన ప్రాంతానికి చేసిన గేమ్‌లనే ఆడిస్తుంది, మీ కన్సోల్ ఏ ప్రాంతానిదో ఆయనకు తెలియదు కదా.

అందుకే రాసేముందు మీ కన్సోల్ మీద మోడల్ నంబర్ చూడండి. SCPH-70001 లాంటిది ఉంటుంది. చివర అక్షరాలుంటే వదిలేసి చివరి అంకె చూడండి: 1 అయితే ఉత్తర అమెరికా, 0 అయితే జపాన్, 3 లేదా 4 అయితే యూరప్ వైపు పాల్ రకం. ఇక ఆయన్ని అడగాల్సింది గేమ్ పెట్టె వెన్ను మీద, అంటే సన్నటి పక్క అంచు మీద ఉన్న కోడ్. SLUS, SCUS అని మొదలైతే ఉత్తర అమెరికా, SLES, SCES అయితే పాల్, SLPS, SLPM, SCPS అయితే జపాన్.

కవర్ ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి అమెరికాదే అనుకోకండి. SCAJ అని మొదలయ్యే ఆసియా ముద్రణలు కొన్ని ఇంగ్లిష్ కవర్‌తోనే వచ్చాయి, కానీ ఆడేది జపాన్ రీజియన్ కన్సోల్‌లో. మార్పులు చేయని అమెరికా కన్సోల్ ఆ డిస్క్‌ని తీసుకోదు. ముందువైపు ఫొటోని నమ్మి కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

సీల్ విషయానికొస్తే, ప్లాస్టిక్ కవర్ కొత్తగా మెరవడం ఏమీ రుజువు చేయదు. ష్రింక్ మెషీన్ ఉన్నవారెవరైనా మళ్లీ చుట్టగలరు. అమెరికా పీఎస్2 గేమ్‌లలో చాలావాటికి పెట్టె పై అంచున గేమ్ పేరున్న స్టిక్కర్ ఒకటి అడ్డంగా అంటించి ఉంటుంది, అది ప్లాస్టిక్ కింద ఉంటుంది. పైన ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా ఉండి కింద స్టిక్కర్ తెగో, లేచో ఉంటే పెట్టె ఒకసారి తెరిచారనే అర్థం. స్టిక్కరే లేకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి, మిగతా ఫొటోలు చూడండి.

అసలుదో నకిలీదో పోల్చడానికి వెనక కవర్ కావాలి. చిన్న అక్షరాలు మసకగా అలుక్కున్నట్టుంటే అనుమానించాలి. వెన్ను మీది కోడ్‌ని నెట్‌లో వెతికితే వేరే గేమ్ పేరు వచ్చినా అంతే. అయినా లోపలి డిస్క్ గురించి పూర్తి హామీ ఫొటోల్లో దొరకదు, అందుకే వాపసు మాట ముందే అడగాలి.

ఇప్పుడు సందేశం:

"నమస్కారం అండి. మీరు పెట్టిన సీల్డ్ గేమ్ తీసుకోవాలనుకుంటున్నాను. నాది ఉత్తర అమెరికా పీఎస్2. పెట్టె వెన్ను మీద SLUS లేదా SCUS తో మొదలయ్యే కోడ్ ఉండాలి, మీ దాని మీద ఏముందో చెప్పగలరా? వెన్ను, వెనకవైపు, పై అంచు, ఈ మూడింటినీ దగ్గర నుంచి ఫొటోలు తీసి పంపండి. ఒకదానిలో పక్కన ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పెట్టండి. ఈ గేమ్ మీ దగ్గరికి ఎలా వచ్చింది, సీల్ ఎవరు వేశారో తెలుసా? తెరిచాక డిస్క్ కాపీది అని తేలితే వాపసు తీసుకుంటారా?"

తేదీ కాగితం ఎందుకంటే, ఫొటో వేరే ప్రకటన నుంచి తెచ్చింది కాకుండా గేమ్ నిజంగా ఆయన చేతిలో ఉందని తేలుతుంది. "సీల్ ఎవరు వేశారు" అన్నదానికి నిజాయితీపరులు "తెలియదండి, సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నాను" అని కూడా చెబుతారు. ఆ జవాబు "అవునండి ఒరిజినల్" కన్నా చాలా పనికొస్తుంది.

ఫొటోలు వచ్చాయి, వెన్ను మీద కోడ్ SCAJ తో మొదలైందనుకోండి. బేరం ఆడకండి, సాగదీయకండి: "ఫొటోలకు థాంక్స్ అండి. ఇది ఆసియా ముద్రణ, నా కన్సోల్‌లో ఆడదు. మీ ప్రకటనలో ఆ కోడ్ రాస్తే జపాన్ కన్సోల్ ఉన్నవారికి ఉపయోగపడుతుంది."

అభ్యాసం: మీ కన్సోల్ మోడల్ నంబర్ SCPH-75004. పై సందేశాన్ని దానికి తగ్గట్టు మార్చి రాయండి. స్టిక్కర్ గురించి నేను చెప్పింది అమెరికా పెట్టెలకి మాత్రమే. పాల్ పెట్టె కాబట్టి పై అంచు ఫొటో ఎందుకు అడుగుతున్నారో మీ మాటల్లో ఒక వాక్యం చేర్చండి. వచ్చే పాఠంలో అమ్మేవారు రెండు రోజులైనా జవాబివ్వకపోతే గుర్తు చేయడం ఎలాగో చూద్దాం.